యూటీ1, యూటీసీ మధ్య ఒక్క సెకను తేడా: హుస్సేన్ సాగర్ 440 మీటర్లు ఎందుకు జరిగింది?

ప్రశ్న: "సార్, నేను హైదరాబాద్‌లో శాటిలైట్ ఇమేజీల పని నేర్చుకుంటున్నాను. యూటీసీ అటామిక్ గడియారాల టైమ్ అట, యూటీ1 భూమి తిరుగుడు టైమ్ అట. భూమి ఒకే స్పీడుతో తిరగదా? రెండింటికీ తేడా ఎప్పుడూ సెకను లోపే ఉంటుందంటారు కదా, మరి దాని కోసం వేరే ఫైల్ ఎందుకు లోడ్ చేయాలి?"

తిరగదండి. ఏ రెండు రోజులూ కచ్చితంగా ఒకే పొడవు ఉండవు. తేడా రోజుకి ఒకటి రెండు మిల్లీసెకన్లే, కానీ అది రోజూ కూడుకుంటూ పోతుంది. ఆ కూడికే యూటీ1కీ యూటీసీకీ మధ్య కనిపించే తేడా. ఇక సెకను లోపు తేడా ఎవరికి పట్టిందంటే, మీకే. హైదరాబాద్ దగ్గర నేల భూమి తిరుగుడు వల్ల సెకనుకి దాదాపు 444 మీటర్లు తూర్పుకి పోతోంది. యూటీ1లో ఒక సెకను తప్పితే ఇమేజీలో ఊరు అంత దూరం పక్కకి జరుగుతుంది. నేను ఈ తప్పు చేసి తిట్లు తిన్నవాణ్ణి. ఆ కథ కింద చెబుతాను.

ముందు ఒక మాట. యూటీ1ని గడియారం అనుకుంటే గందరగోళం తప్పదు. అది ఒక కోణం. నక్షత్రాల నేపథ్యంలో భూమి ఇప్పుడు ఎంత తిరిగి ఉందో చెప్పే సంఖ్య. దాన్ని గంటలు, నిమిషాలు, సెకన్లుగా రాయడం పాత అలవాటు మాత్రమే. ఒక సెకను యూటీ1 అంటే 15 ఆర్క్ సెకన్లకి కాస్త ఎక్కువ తిరుగుడు. కోడ్ లోపల జరిగేది ఇదే:

```
ERA = 2π (0.7790572732640 + 1.00273781191135448 × Tu)
Tu  = JD(UT1) − 2451545.0
```

యూటీ1 ఇస్తే భూమి కోణం వస్తుంది, అంతే. ఇందులో యూటీసీకి చోటే లేదు. యూటీసీ సెకను సీజియం పరమాణువు లెక్క: 9,192,631,770 కంపనాలైతే ఒక సెకను. భూమి ఉన్నా లేకపోయినా ఆ సెకను మారదు. కాబట్టి యూటీసీ "ఎప్పుడు" అన్నదానికి జవాబు, యూటీ1 "భూమి ఎటు తిరిగి ఉంది" అన్నదానికి జవాబు. రెండో జవాబు మొదటిదాని నుంచి లెక్కకట్టి రాబట్టలేం, ఆకాశం చూసి కొలవాల్సిందే. ఫైల్ అవసరం అక్కడే వచ్చింది.

కొలవడం ఎలాగంటే, వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రేడియో టెలిస్కోపులు ఒకేసారి ఒక క్వేజార్‌ని, అంటే అతిదూరపు గెలాక్సీ నడిబొడ్డున వెలిగే కేంద్రాన్ని, చూస్తాయి. క్వేజార్లు ఎంత దూరంలో ఉంటాయంటే, మన లెక్కలకి అవి ఆకాశంలో కదలని మేకుల్లాంటివి. ఒకే సిగ్నల్ ఒక టెలిస్కోపుకి ముందు, ఇంకోదానికి కాస్త తర్వాత చేరుతుంది. ఆ ఆలస్యం నుంచి భూమి ఎంత తిరిగి ఉందో తెలుస్తుంది. జీపీఎస్‌తో సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఉపగ్రహాల కక్ష్యాతలాలన్నీ కలిసి కొద్దిగా తూర్పుకి జరిగాయా, లేక కింద భూమే పడమరకి వెనకబడిందా అన్నది జీపీఎస్ ఒక్కదానికే తేలదు. రోజు పొడవు ఎంత మారిందో అది బాగానే చెబుతుంది, అసలు కోణం మాత్రం క్వేజార్లే చెప్పాలి. (ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐలో HYDE పేరుతో ఒక అంతర్జాతీయ జీఎన్‌ఎస్‌ఎస్ స్టేషన్ ఉంది. మన ఊరి కోఆర్డినేట్లు సరిచూసుకోవాలంటే దాని డేటా పనికొస్తుంది, యూటీ1 కోసం మాత్రం కాదు.)

ఇప్పుడు తిరుగుడు ఎందుకు మారుతుందో చూద్దాం. కారణాలు చాలా ఉన్నాయి, కానీ అన్నీ ఒకే సైజువి కావు, ఒకే కాలం నడిచేవీ కావు.

నెలల లెక్కలో చూస్తే పెద్ద దొంగ గాలి. ఆఫీసు రివాల్వింగ్ కుర్చీలో కూర్చుని గిర్రున తిరుగుతూ చేతులు చాపితే వేగం తగ్గుతుంది, ముడుచుకుంటే పెరుగుతుంది. ఇంటర్‌లో చదివిన కోణీయ ద్రవ్యవేగం అదే. భూమి, దాని చుట్టూ ఉన్న గాలి కలిపి ఒకే ఖాతా అనుకోండి. మొత్తం బ్యాలెన్స్ మారదు, ఒకరు డ్రా చేస్తే ఇంకొకరికి తగ్గుతుంది. ఉత్తరార్ధగోళంలో చలికాలం వచ్చినప్పుడు పడమటి నుంచి తూర్పుకి వీచే పైగాలులు బలపడతాయి. ఆ బలం ఎక్కడి నుంచో ఊడిపడదు, నేల నుంచే లాక్కుంటాయి. హిమాలయాలు, రాకీలు, ఆండీస్ లాంటి పర్వతాలకి రెండు వైపులా గాలి ఒత్తిడి వేరుగా ఉండటం, నేల మీద, సముద్రం మీద గాలి రాపిడి, ఈ రెండు దారుల్లో లావాదేవీ నడుస్తుంది. ఫలితంగా జనవరి, ఫిబ్రవరిలో రోజు కాస్త పొడుగవుతుంది, జూలై, ఆగస్టులో కాస్త పొట్టిదవుతుంది. దక్షిణార్ధగోళం చలికాలం దీన్ని ఎందుకు రద్దు చేయదంటే, ఆ రెండు అర్ధగోళాల్లో నేల, సముద్రం పంపకం ఒకేలా లేదు. ఉత్తరాన ఋతువుల ఊపు ఎక్కువ.

ఇది లెక్కల్లో మాత్రమే ఉండే విషయం కాదు. 1982-83 ఎల్‌నినో గట్టిగా వచ్చినప్పుడు గాలుల తీరు మారి, 1983 మొదట్లో రోజు మిల్లీసెకను స్థాయిలో పొడుగైంది. వాతావరణ శాఖలవాళ్లు గాలి డేటా నుంచి కట్టిన లెక్క, ఖగోళంవాళ్లు ఆకాశం చూసి కొలిచిన లెక్క ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోయాయి. ఇంకో సంగతి కూడా దీని నుంచే అర్థమవుతుంది. యూటీ1ని ఏడాది ముందుకి అంచనా వేసి ఇస్తారు, కానీ ముందుకి పోయే కొద్దీ ఆ అంచనా పలచబడుతుంది. వచ్చే నెల గాలులు ఎలా ఉంటాయో చెప్పలేని వాళ్లం, వచ్చే నెల భూమి కోణం మాత్రం ఎలా చెబుతాం?

చంద్రుడిది రెండు రకాల పని. మొదటిది పక్షం రోజుల ఆట. చంద్రుడు భూమధ్యరేఖకి నేరుగా పైన ఉన్నప్పుడు భూమి నడుము దగ్గర కొంచెం ఎక్కువ ఉబ్బుతుంది, అంటే కుర్చీలో చేతులు చాపినట్టు. వేగం తగ్గుతుంది. చంద్రుడు బాగా ఉత్తరానికో దక్షిణానికో పోయినప్పుడు ఆ ఉబ్బు తగ్గి వేగం పెరుగుతుంది. దాదాపు 13.7 రోజులకొకసారి ఇది తిరిగి తిరిగి వస్తుంది, ముందే లెక్కకట్టవచ్చు కూడా. 2024 జూలై 5న రోజు 86,400 సెకన్ల కంటే సుమారు 1.66 మిల్లీసెకన్లు పొట్టిదైందని వార్తలొచ్చాయి గుర్తుందా? అది అమావాస్య రోజు, చంద్రుడు బాగా ఉత్తరాన ఉన్నాడు, పైగా జూలై. గాలి, చంద్రుడు ఒకే వైపు లాగారు. అలాంటి వార్త చదివినప్పుడల్లా నెల, చంద్రుడి స్థానం చూడండి, సగం రహస్యం అక్కడే విడిపోతుంది.

చంద్రుడి రెండో పని నిదానంగా సాగేది. సముద్రపు పోటు, పాటుల రాపిడి వల్ల భూమి వేగం పోతూ ఉంటుంది, ఆ పోయింది చంద్రుడికి చేరి అతను ఏటా దాదాపు 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. మంచుయుగం మంచు కరిగాక ధ్రువాల దగ్గర నేల మెల్లగా పైకి లేవడం లాంటివి దీనికి కొంత ఎదురు పనిచేస్తాయి. అన్నీ పోను, చాలా శతాబ్దాల సగటున శతాబ్దానికి 1.7 లేదా 1.8 మిల్లీసెకన్ల చొప్పున రోజు పొడుగవుతోంది. ఇంత చిన్నదాన్ని ఎలా పట్టుకున్నారనేది నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న బాబిలోన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిందని మట్టి పలకల మీద రాసి ఉంది. భూమి అప్పటి నుంచీ ఒకే వేగంతో తిరిగిందనుకుని వెనక్కి లెక్కకడితే, ఆ గ్రహణం బాబిలోన్‌లో కాదు, దాదాపు 48 డిగ్రీలు పడమరన, మధ్యధరా సముద్రానికి పడమటి చివర కనబడాలి. 48 డిగ్రీలంటే 3 గంటల పైచిలుకు తిరుగుడు. మిల్లీసెకన్ల నుంచి గంటలు ఎలా వచ్చాయి? మన 86,400 సెకన్ల రోజు 1820 ప్రాంతం నాటిది, ఎందుకో కింద చెబుతాను. ఆ గ్రహణానికీ 1820 ప్రాంతానికీ మధ్య సుమారు 7 లక్షల 14 వేల రోజులు. దాదాపు ఇరవై శతాబ్దాల్లో రోజు 34 మిల్లీసెకన్లు మారింది కాబట్టి, అందులో సగం, సగటున రోజుకి 17 మిల్లీసెకన్ల తేడా వేసుకోండి. గుణిస్తే 12 వేల సెకన్లు దాటుతుంది, అంటే 3 గంటల 20 నిమిషాలు. నాది చేతి లెక్కే, అయినా అసలు విలువకి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి.

ఇక పదుల ఏళ్ల లెక్కలో వచ్చే పెద్ద ఒడిదుడుకులకి కారణం భూమి కడుపులో ఉన్న ద్రవ ఇనుము. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఒక పచ్చిగుడ్డు బల్ల మీద తిప్పండి, వేలితో క్షణం ఆపి వదిలేయండి. మళ్లీ తనే తిరగడం మొదలెడుతుంది. పెంకు ఆగింది గానీ లోపల సొన ఆగలేదు, అదే పెంకుని మళ్లీ లాగింది. ఉడకబెట్టిన గుడ్డుతో ఇది జరగదు. మనం పెంకు మీద ఉన్నాం. లోపలి ఇనుము వేగం తగ్గితే పెంకు వేగం పెరుగుతుంది, అది పెరిగితే ఇది తగ్గుతుంది. కొన్ని మిల్లీసెకన్ల మేర, పదేళ్లు ఇరవై ఏళ్ల పాటు. దీన్ని ముందుగా చెప్పే సూత్రం ఎవరి దగ్గరా లేదు.

భూకంపాల గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక్క ముక్క: 2004 సుమత్రా భూకంపం రోజుని 2.68 మైక్రోసెకన్లు తగ్గించి ఉంటుందని లెక్కకట్టారు. మిల్లీసెకన్లు కాదు, మైక్రోసెకన్లు. గాలి చేసే పనిలో అది కలిసిపోతుంది. వాట్సాప్‌లో వచ్చే "భూకంపంతో భూమి వేగం మారిపోయింది" మెసేజీలని వదిలేయండి.

మరి లీప్ సెకన్లు ఎందుకు? భూమి నెమ్మదిస్తోంది కాబట్టి అని పుస్తకాల్లో రాస్తారు. అది సగమే నిజం. అటామిక్ సెకను పొడవుని నిర్ణయించినప్పుడు దాన్ని పాత ఖగోళ సెకనుకి సరిపోయేలా పెట్టారు, ఆ పాత సెకను 18, 19 శతాబ్దాల పరిశీలనల మీద ఆధారపడింది. అంటే మన 86,400 సెకన్ల రోజు దాదాపు 1820 నాటి భూమి రోజు. చిన్నప్పుడు కుట్టించిన చొక్కా ఇప్పుడు వేసుకున్నట్టు, సైజు మొదటి నుంచే సరిపోలేదు. 1972లో లీప్ సెకన్లు మొదలైనప్పుడు అసలు రోజు దాదాపు 3 మిల్లీసెకన్లు పొడుగు. 365 రోజులకి గుణిస్తే ఏడాదికి సెకను పైనే. అందుకే 1972లో రెండు, ఆ తర్వాత 1979 దాకా ఏటా ఒకటి కలపాల్సి వచ్చింది. భూమి ఆ ఏళ్లలో ఇంకా నెమ్మదించకపోయినా ఆ సెకన్లు తప్పేవి కావు. యూటీ1, యూటీసీ తేడా 0.9 సెకను దాటకూడదన్నది నియమం, దాటబోతుంటే యూటీసీకి ఒక సెకను కలుపుతారు. ఇప్పటిదాకా అలా 27 కలిపారు. చివరిది 2016 డిసెంబర్ 31న.

ఆ తర్వాత కథ తిరగబడింది. 2017 జనవరి 1న తేడా సుమారు +0.59 సెకను. అక్కడి నుంచి తగ్గుతూ 2020 నాటికి మైనస్ 0.2 దాకా వచ్చి, మళ్లీ వెనక్కి తిరిగి 2024 మొదట్లో సున్నా దగ్గరికి చేరింది. అంటే ఈ మధ్య ఏళ్లలో భూమి సగటున 86,400 సెకన్ల కంటే కాస్త ముందే చుట్టు పూర్తి చేస్తోంది. లీప్ సెకన్లు ఆగిపోయింది అందుకే.

సరే, నా కథ. 2017లో నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఇమేజీల ప్రాసెసింగ్ చూసేవాణ్ణి. ఉపగ్రహం కక్ష్య వివరాలు మాకు నక్షత్రాల నేపథ్యంలో వచ్చేవి, అంటే భూమితో పాటు తిరగని అక్షాల్లో. ఏ పిక్సెల్ నేల మీద ఎక్కడ పడుతుందో తెలియాలంటే ఆ అక్షాల్ని భూమి కోణంతో తిప్పాలి. జనవరి 2 సోమవారం పొద్దున ఆఫీసుకి వస్తే, కొత్త ఇమేజీలో హుస్సేన్ సాగర్ తూర్పుకి జరిగి కూర్చుంది. బుద్ధ విగ్రహం మ్యాప్ మీద ఒడ్డు దాటేసి రోడ్ల మధ్యలో ఉంది. కొలిస్తే 440 మీటర్ల చిల్లర.

ముందు రోజు, భారత కాలమానం ప్రకారం ఆదివారం పొద్దున 5 గంటల 29 నిమిషాల 60వ సెకనుగా లీప్ సెకను వచ్చింది. 2012లో లీప్ సెకనుకి చాలా చోట్ల సర్వర్లు హ్యాంగ్ అయిన సంగతి అందరికీ గుర్తుంది కాబట్టి, టీమ్ అంతా ఒకే మాట: "సర్వర్ గడియారం లీప్ సెకను తీసుకోలేదు." అందరం గంటన్నర సేపు టైమ్ సర్వర్ లాగ్‌లు చూశాం. అంతా సరిగ్గానే ఉంది.

అప్పుడు మా సీనియర్ మేడమ్ ఒకావిడ వచ్చి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "జరిగింది ఎటు బాబూ?" తూర్పుకి అన్నాను. "ఉపగ్రహం ఎటు పోతోంది?" ధ్రువాల మీదుగా పోయేది, అంటే దాదాపు ఉత్తర-దక్షిణంగా. "గడియారం సెకను తప్పితే ఉపగ్రహం సెకనులో పోయేంత దూరం తప్పాలి కదా. అది ఏడు కిలోమీటర్లు, అదీ ఉత్తర-దక్షిణంగా. నీది నాలుగు వందల మీటర్లు, తూర్పుకి. గడియారం వదిలెయ్. భూమి కోణం చూడు."

తర్వాత ఆవిడ చెప్పినట్టే చెన్నై, ఢిల్లీ ఇమేజీలు కూడా తీసి కొలిచాం. చెన్నైలో జరుగుడు హైదరాబాద్ కంటే కాస్త ఎక్కువ, ఢిల్లీలో తక్కువ. ఇది భూమి కోణం తప్పుకి వేలిముద్ర లాంటిది. నేల వేగం భూమధ్యరేఖ దగ్గర సెకనుకి 465 మీటర్లు, ఉత్తరానికి పోయే కొద్దీ అక్షాంశం కొసైన్ ప్రకారం తగ్గుతుంది. చెన్నై 13.1 డిగ్రీలకి 453, హైదరాబాద్ 17.4 డిగ్రీలకి 444, ఢిల్లీ 28.6 డిగ్రీలకి 408. మేము కొలిచినవి ఒక పిక్సెల్ అటూ ఇటూగా ఇవే. అంటే యూటీ1లో కచ్చితంగా ఒక సెకను తప్పు.

కాన్ఫిగ్ ఫైల్ తెరిస్తే దొంగ దొరికాడు. ఎవరో (ఎవరో ఏంటి, నేనే) డెలివరీ టెన్షన్‌లో ఆటోమేటిక్ డౌన్‌లోడ్ పనిచేయట్లేదని యూటీ1 తేడాని చేత్తో టైప్ చేసి పెట్టాను:

```
DUT1 = -0.4
```

డిసెంబర్ 31 దాకా అది సరైన విలువే. లీప్ సెకను కలిపిన క్షణంలో యూటీసీ ఒక సెకను వెనక్కి జరిగినట్టయింది, కాబట్టి తేడా మైనస్ 0.4 నుంచి ప్లస్ 0.6కి ఎగిరింది. భూమికి ఏమీ కాలేదు, అది తన దారిన తిరుగుతోంది. మారింది మన లెక్కపుస్తకం. నా ఫైల్‌లో పాత విలువే ఉండటంతో కోడ్‌కి భూమి ఒక సెకను తక్కువ తిరిగినట్టు కనబడింది. భూమి తక్కువ తిరిగిందనుకుంటే అదే నక్షత్రాల దిశకి లెక్కలో ఎక్కువ తూర్పు రేఖాంశం వస్తుంది. అందుకే హుస్సేన్ సాగర్ తూర్పుకి పోయింది.

ఇక్కడితో అయిపోలేదు. చేతి విలువ తీసేసి భూమి తిరుగుడు లెక్కలు చూసే అంతర్జాతీయ సంస్థ ఐఈఆర్‌ఎస్ ఇచ్చే అసలు ఫైల్ `finals2000A.all` పెట్టాం. జనవరి ఇమేజీలు చక్కగా కూర్చున్నాయి. ఎందుకైనా మంచిదని డిసెంబర్ 31 ఇమేజీలు కూడా మళ్లీ నడిపితే, నిన్నటిదాకా బాగున్న అవి ఇప్పుడు 90 మీటర్లు పడమరకి పోయాయి! ఈసారి అర్థం కావడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఆ ఫైల్‌లో రోజుకి ఒక వరుస, యూటీసీ సున్నా గంటలకి. మధ్యలో సమయానికి మా కోడ్ రెండు వరుసల మధ్య సరళరేఖ గీసేది. డిసెంబర్ 31 వరుసలో సుమారు మైనస్ 0.41, జనవరి 1 వరుసలో ప్లస్ 0.59. ఆ రెండింటి మధ్య గీత గీస్తే, రోజంతా తేడా మెల్లగా ఒక సెకను పెరిగినట్టు వస్తుంది. నిజానికి రోజంతా అది మైనస్ 0.41 దగ్గరే ఉంది, యూటీసీ అర్ధరాత్రి ఒక్క గంతు వేసింది. మా ఇమేజీ పొద్దున 10:30ది, అంటే యూటీసీ 5 గంటలు. 24లో 5 వంతులు, కోడ్ 0.21 సెకను ఎక్కువ కలిపింది. 0.21ని 444తో గుణిస్తే 93 మీటర్లు. ఈసారి భూమి ఎక్కువ తిరిగిందనుకుంది కాబట్టి జరుగుడు పడమరకి. లెక్క చుక్క కూడా పొల్లుపోలేదు.

అందుకని యూటీ1−యూటీసీని నేరుగా ఇంటర్‌పొలేట్ చేయకండి. ముందు రెండు వరుసల్నీ అటామిక్ సమయంతో తేడాగా మార్చండి, అంటే యూటీ1−టీఏఐగా. టీఏఐలో లీప్ సెకన్లు ఉండవు, కాబట్టి గంతూ ఉండదు. ఇంటర్‌పొలేట్ చేశాక మళ్లీ యూటీసీకి తెచ్చుకోండి. మంచి లైబ్రరీలు ఇది తామే చూసుకుంటాయి. పైథాన్‌లో astropy వాడుతుంటే ఇలా సరిచూసుకోవచ్చు:

```python
from astropy.time import Time
for s in ["2016-12-31 12:00", "2017-01-01 12:00"]:
    t = Time(s, scale="utc")
    print(s, t.get_delta_ut1_utc())
```

మొదటిది మైనస్ 0.41 దగ్గర, రెండోది ప్లస్ 0.59 దగ్గర రావాలి. మొదటిదానికి 0.09 లాంటిది ఏదైనా వచ్చిందంటే మీ కోడ్ గంతు మీదుగా గీత గీస్తోందన్నమాట. మీ సొంత కోడ్‌ని కూడా ఈ రెండు సమయాలతోనే పరీక్షించండి. మామూలు రోజులతో పరీక్షిస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు.

ఆ ఫైల్ గురించి ఇంకో చిన్న సంగతి. యూటీ1 విలువకి ముందు 58వ కాలమ్‌లో ఒక అక్షరం ఉంటుంది. `I` అంటే కొలిచినది, `P` అంటే అంచనా. పాత ఫైల్ పెట్టుకుని కొత్త ఇమేజీలు నడిపితే అన్నీ `P`లే తగులుతాయి, కోడ్ ఏ ఎర్రరూ ఇవ్వదు. మిల్లీసెకను తప్పుకి నేల మీద 44 సెంటీమీటర్లు. మీ పిక్సెల్ 30 మీటర్లదైతే హాయిగా నిద్రపోవచ్చు, 50 సెంటీమీటర్లదైతే పోలేరు.

మీ పనికి ఇదంతా ఎంతవరకు తగులుతుందనేది డేటా ఏ రూపంలో వస్తుందన్నదాని మీద ఉంటుంది. ఈ కాలం ఉపగ్రహాల్లో చాలా వాటికి పైనే జీపీఎస్ రిసీవర్ ఉంటుంది, అది భూమితో పాటు తిరిగే అక్షాల్లోనే స్థానం ఇస్తుంది. అప్పుడు స్థానానికి యూటీ1 అక్కర్లేదు. కానీ కెమెరా ఎటు చూస్తోందో చెప్పేది స్టార్ ట్రాకర్, అది నక్షత్రాల్ని చూసి చెబుతుంది. దాన్ని భూమి అక్షాల్లోకి తెచ్చేటప్పుడు మళ్లీ యూటీ1 కావాలి. ఒక సెకను తప్పు చూపులో 15 ఆర్క్ సెకన్లు, 600 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది నేల మీద దాదాపు 44 మీటర్లు. 444 కాదు, అందులో పదో వంతు. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే 444 మీటర్లైతే ఎవరికైనా కనబడుతుంది, 44 మీటర్లని "కెమెరా అలైన్‌మెంట్ లోపం" అని సర్దిచెప్పుకుని నెలల తరబడి బతికేస్తారు. అలైన్‌మెంట్ లోపమైతే ఉపగ్రహం కిందికి వస్తున్నప్పుడూ పైకి పోతున్నప్పుడూ వేర్వేరు దిక్కులకి జరగాలి. రెండు దారుల్లోనూ తూర్పుకే జరిగితే ముందు యూటీ1ని అనుమానించండి.

ఇంకో అపోహ కూడా తీసేస్తాను, ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఎత్తుతారు. నీడ గడియారం మధ్యాహ్నం ఏడాదిలో పావుగంట దాకా ముందూ వెనకా అవుతుంది కదా, అదేనా ఈ తేడా అని. కాదు. అది భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి గుండ్రంగా లేకపోవడం, అక్షం వంగి ఉండటం వల్ల వచ్చేది. పైగా మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది, దానికి ఇంకో 16 నిమిషాలు. ఇవి నిమిషాల విషయాలు, భూమి వేగంలో మార్పుతో వీటికి సంబంధం లేదు. నిమిషాల్లో ఇచ్చే పంచాంగం సూర్యోదయానికి కూడా యూటీ1, యూటీసీ తేడాతో పనిలేదు.

చివరిగా, మీరు ఇప్పుడే నేర్చుకుంటున్నారు కాబట్టి మీకు మాత్రం పనికొచ్చే విషయం. 2022 నవంబర్‌లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ ఒక తీర్మానం చేసింది. యూటీ1, యూటీసీ మధ్య అనుమతించే తేడాని 2035 నాటికో అంతకుముందో పెంచాలని. అంటే లీప్ సెకన్ల గోల చాలాకాలం ఉండదు, సర్వర్లవాళ్లకి పండగ. మనకి మాత్రం 0.9 సెకను గోడ ఉండదు. తేడా సెకను దాటి నెమ్మదిగా పెరుగుతూ పోవచ్చు. పాత కోడ్‌లో ఈ తేడాకి ఒక అంకె, ఒక దశాంశం మాత్రమే చోటిచ్చినవి, లేదా "1 కంటే ఎక్కువైతే డేటా తప్పు, సున్నా పెట్టు" అని చెక్ రాసినవి నేను కనీసం మూడు చూశాను. అందులో రెండు నేను రాసినవే. మీ దగ్గరున్న కోడ్‌లో `DUT1` అని వెతికి, దాని పక్కన `0.9` గానీ `1.0` గానీ కనిపిస్తే ఆ లైన్ ఎందుకుందో ఇప్పుడే కనుక్కోండి.